"ఎక్స్‌పెక్టెడ్ ఎంత?" అని మొదటి కాల్‌లోనే అడిగితే: ఒక కేసు

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం మారాలనుకునేవాళ్లను ఇంటర్వ్యూలకు సిద్ధం చేయడం నా పని. మొదటి ఫోన్ కాల్‌లోనే రిక్రూటర్ అడిగే "ఎక్స్‌పెక్టెడ్ ఎంత?" అన్న ప్రశ్నకు, అంటే ఎంత జీతం ఆశిస్తున్నారన్నదానికి, ఏం చెప్పాలన్నదే ఈ కేసు. దీన్ని రాసిపెట్టడానికి కారణం ఒకటే. ఇందులో మొదట నేనిచ్చిన సలహాయే పని చెడగొట్టింది. అది ఎందుకు చెడగొట్టిందో అర్థమయ్యాకే దారి దొరికింది. ఇందులోని అభ్యర్థి ఒక అమ్మాయి, ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు కొద్దిగా మార్చాను, కానీ ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు లెక్క తప్పకుండా చూశాను.

నేపథ్యం

ఆమెకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఏడేళ్ల అనుభవం. చదువు అయిపోగానే ఒక సర్వీసెస్ కంపెనీలో చేరి అక్కడే ఉండిపోయింది. మొదటి మూడేళ్లు మాన్యువల్ టెస్టింగ్, ఆ తర్వాత ఆటోమేషన్. చివరి రెండేళ్లలో తన క్లయింట్ కోసం ఒక ఫ్రేమ్‌వర్క్‌ను దాదాపు ఒంటిచేత్తో కట్టింది. అంతకుముందు రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టులు దానివల్ల ఒక్క రాత్రిలో అయిపోయేవి. పని ఎంత మారినా జీతం మాత్రం ఫ్రెషర్‌గా చేరినప్పటి మెట్టు మీద నుంచే ఏటా కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. కంపెనీ మారకుండా ఉండిపోయినవాళ్లలో ఇది నేను తరచూ చూసేదే.

ఆమె సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి ఆమె మీద పెట్టే మొత్తం ఖర్చు, 11.4 లక్షలు. అందులో ఖాయంగా వచ్చే ఫిక్స్‌డ్ 10.1, ఏడాదిని బట్టి మారే వేరియబుల్ 0.9, మిగతా 0.4 గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కింద చూపించేది. వేరియబుల్ ఆ ముందటి ఏడాది సగమే వచ్చింది. ఈ విడివిడి లెక్క ఆమె నా దగ్గరకు వచ్చేవరకూ వేసుకోలేదు. ఎవరడిగినా "11.4" అనేది. మొదటి మీటింగ్‌లో పే స్లిప్ ముందు పెట్టుకుని కూర్చున్నాక అంది: "మేడమ్, నాకు నిజంగా చేతికొచ్చేది ఈ అంకెకు చాలా దూరంగా ఉంది."

ఆమె చూస్తున్నది విదేశీ కంపెనీలు ఇక్కడ సొంతంగా పెట్టుకున్న కేంద్రాలను, అంటే ఇప్పుడు అందరూ జీసీసీలు అంటున్నవాటిని. అలాంటి చోట ఆటోమేషన్ లీడ్ పోస్టు ఆమె కోరిక.

ఏ సమస్యతో వచ్చింది

నా దగ్గరకు వచ్చేసరికే రెండు అవకాశాలు చెడిపోయి ఉన్నాయి. రెండూ మొదటి ఫోన్ కాల్‌లోనే చెడ్డాయి.

మొదటి కాల్‌లో రిక్రూటర్ మూడే ప్రశ్నలు వరుసగా అడిగాడు: కరెంట్ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత, నోటీస్ పీరియడ్ ఎంత. ముప్పై శాతం హైక్ అడగొచ్చని స్నేహితులు చెప్పింది గుర్తుపెట్టుకుని, అందులోనూ కొంచెం తగ్గించి "14" అంది. అతను క్షణం ఆలోచించకుండా "ఓకే, ఫైన్" అన్నాడు. ఇంటర్వ్యూలన్నీ బాగా జరిగాయి. ఆఫర్ సరిగ్గా 14 లక్షలకే వచ్చింది. విడదీసి చూస్తే ఫిక్స్‌డ్ 11.9, వేరియబుల్ 1.5, గ్రాట్యుటీ వగైరా 0.6. అంటే ఖాయంగా వచ్చే డబ్బులో పెరుగుదల 18 శాతం లోపే. అదే టీమ్‌లో అంతకుముందు చేరిన ఒకాయన ద్వారా తెలిసిందేమిటంటే, ఆ లెవెల్‌కు ఫిక్స్‌డ్ 16 దగ్గర మొదలవుతుందట. ఆమె ఫోన్ చేసి అడిగితే హెచ్ఆర్ మర్యాదగానే జవాబిచ్చింది: "మీరు అడిగినదే ఇచ్చాం కదండీ." ఆ మాటకు బదులు లేదు. ఆమె ఆ ఆఫర్ వదులుకుంది.

ఆ దెబ్బతో రెండో కాల్‌లో "22" అంది. "బడ్జెట్ మ్యాచ్ అవదు మేడమ్" అని అతను పెట్టేశాడు. ఆ పోస్టుకు అసలు బడ్జెట్ ఎంతో ఆమెకు ఇప్పటికీ తెలియదు. 20 ఉండి ఉంటే బేరానికి చోటుండేది, 15 అయితే ఉండేది కాదు. ఆ తేడా తెలుసుకునేలోపే కాల్ ముగిసింది.

తక్కువ చెప్పి ఒకసారి, ఎక్కువ చెప్పి ఒకసారి పోగొట్టుకున్నాక, తెలియని నంబర్ వస్తే ఫోన్ ఎత్తడానికే టెన్షన్ పడేది. నన్ను అడిగింది సూటిగా: "సరైన నంబర్ ఏదో చెప్పండి మేడమ్, అదే చెప్తాను."

నంబర్ తప్పు కావడం ఇక్కడ అసలు సమస్య కాదని నాకు అప్పుడే అనిపించింది. ఆ పోస్టు ఏ లెవెల్‌దో, పని ఎంతో, జీతంలో వేరియబుల్ వాటా ఎంతో ఏదీ తెలియనప్పుడు ఏ నంబర్ చెప్పినా అది గుడ్డి లెక్కే. ఇంతవరకూ నా ఆలోచన సరైనదే. దాని మీద ఇచ్చిన సలహాలోనే తప్పు జరిగింది.

నేను చెప్పింది, అది చెడిన తీరు

నంబర్ చెప్పనే వద్దన్నాను. "నెగోషియబుల్" అనమన్నాను. ఇంకా గుచ్చి అడిగితే "కంపెనీ స్టాండర్డ్స్ ప్రకారం ఇవ్వండి" అనమన్నాను. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ నుంచి అందరికీ నేర్పే మాటే ఇది. నేనూ ఏళ్ల తరబడి పరీక్షించకుండానే చెబుతూ వచ్చాను.

తర్వాత వచ్చిన కాల్‌లో ఆమె అలాగే అంది. రిక్రూటర్ కూడా సరేనన్నాడు. రెండు రౌండ్ల తర్వాత హైరింగ్ మేనేజర్ ఒక కాగితం చూసుకుంటూ "మీ ఎక్స్‌పెక్టేషన్ 14.8 కదా?" అన్నాడు. ఆమె నిర్ఘాంతపోయింది. ఆ అంకె ఆమె ఎక్కడా అనలేదు. ఇంటికొచ్చి లెక్క వేస్తే 11.4 మీద సరిగ్గా ముప్పై శాతం. అక్కడి నుంచి ఎంత ప్రయత్నించినా 15.2 దాటలేదు.

ఆ తర్వాతి కాల్‌లో ఇంకా గట్టిగా నిలబడింది. కరెంట్ చెప్పలేదు, ఎక్స్‌పెక్టెడూ చెప్పలేదు. నాలుగోసారి అడిగినప్పుడు కూడా "ఇంటర్వ్యూ అయ్యాక మాట్లాడదాం" అంది. "మీ ప్రొఫైల్ క్లయింట్‌కు పంపలేను మేడమ్, సారీ" అన్నాడతను. ఆ కాల్ చెడిపోవడంలో ఆమె తప్పేమీ లేదు. నేను చెప్పినట్టే చేసింది.

అప్పుడు నేను చేయాల్సిన పని ఒకటి మిగిలింది. ఫోన్‌కు అవతలివైపు ఏం జరుగుతుందో చూడాలి. కంపెనీలకు మనుషులను వెతికిపెట్టే ఒక కన్సల్టెన్సీలో పనిచేసే అమ్మాయి నాకు బాగా తెలుసు. పేర్లు దాచి తన షీట్ చూపించమన్నాను. ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరుస. పేరు, అనుభవం, స్కిల్స్, ఆ పక్కన కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్ కోసం ఈ మూడు గడులు:

`CCTC | ECTC | NP`

"అక్కా, ఈ మూడిట్లో ఏది ఖాళీగా ఉన్నా మా లీడ్ వెనక్కి పంపేస్తాడు" అంది. "మరి వాళ్లు నెగోషియబుల్ అంటే?" అని అడిగాను. "కరెంట్ మీద ముప్పై శాతం వేసేస్తాం. వాళ్లు వద్దనలేదు కదా."

నా దగ్గరకు వచ్చిన ఎంతమందికి ఆ గడిలో వేరేవాళ్లు అంకె రాసి ఉంటారో అని ఆ రోజు చాలాసేపు బాధపడ్డాను.

ప్రశ్న వెనుక ఉన్న పని

ఆ అమ్మాయితో మాట్లాడాక నాకు స్పష్టమైన విషయం ఇది. మొదటి కాల్‌లో రిక్రూటర్ బేరం ఆడడం లేదు, జల్లెడ పడుతున్నాడు. కన్సల్టెన్సీలకు సాధారణంగా మనిషి చేరాకే ఫీజు వస్తుంది. చాలాచోట్ల అది ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఆమెకు రెండు లక్షలు తక్కువొస్తే అతని ఫీజు తగ్గేది పదహారు, పదిహేడు వేలు. ఆమె అసలు చేరకపోతే మాత్రం మొత్తం పోతుంది. అందుకే అతనికి మొదటి కాల్‌లో కావాల్సింది ఒక్కటే: చివర్లో "బడ్జెట్ చాలదు" అంటూ ఈమె వెళ్లిపోతుందా, లేదా? కంపెనీ సొంత రిక్రూటర్‌కు ఫీజు ఉండదు గానీ భయం అదే. మూడు రౌండ్లు నడిపాక మనిషి జారిపోతే మేనేజర్‌కు జవాబు చెప్పుకోవాల్సింది తనే.

అంటే ఆ గడిలో పడాల్సింది నిజానికి అంకె కాదు, "బడ్జెట్‌లో ఉంది" లేదా "లేదు" అన్న కబురు. ఆ కబురును అంకె చెప్పకుండానే అతనికి ఇవ్వొచ్చు. కాకపోతే దానికి ముందు బడ్జెట్ ఎంతో అతను చెప్పాలి. "నెగోషియబుల్" అన్న మాటలో ఆ కబురు లేదు కాబట్టే అతను తన సొంత అంకె వేసుకున్నాడు. మొండిగా దాటవేసినప్పుడూ అది లేదు కాబట్టే ప్రొఫైల్ పక్కన పెట్టాడు.

ఇక కరెంట్ సీటీసీ సంగతి. కాలిఫోర్నియాలో ఉండే ఆమె కజిన్ గట్టిగా చెప్పాడట: "పాత జీతం అడిగితే చెప్పకు, అడగడమే చట్టవిరుద్ధం." అతను ఉన్నచోట అది నిజమే. అక్కడ 2018 నుంచి అభ్యర్థిని పాత జీతం అడగకూడదు, పోస్టుకు పే స్కేల్ ఎంతో అభ్యర్థి అడిగితే చెప్పాలి. 2023 నుంచి పదిహేను మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న కంపెనీలు ప్రకటనలోనే ఆ స్కేల్ ఇవ్వాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఆఫర్‌కు ముందు పే స్లిప్పులు, ఒక్కోసారి ఫారం 16 కూడా అడుగుతారు. అందుకే పెంచి చెప్పడం అన్నది మా ఇద్దరి మాటల్లోకి రాకుండానే కొట్టేశాం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఆఫరే పోతుంది.

మిగిలిన ప్రశ్న, చెప్పాలా దాచాలా అన్నది. రెండు అంకెలూ దాచినప్పుడు కాల్ తెగిపోయిందని అప్పటికే చూశాం. అందుకని ఒకటి ఇచ్చి ఒకటి నిలుపుకోవాలని నిర్ణయించాను. కరెంట్ ఎలాగూ కాగితాల్లో బయటపడేదే. దాన్ని ముందే నిజాయితీగా ఇచ్చేస్తే, ఎక్స్‌పెక్టెడ్ చెప్పకపోవడం దాపరికంలా అనిపించదు. దీనివల్ల నష్టం లేదని అనను. కరెంట్ వినగానే అవతలివాళ్ల మనసులో ఒక లెక్క మొదలవుతుంది. ఆ లెక్కను అక్కడే తుంచడానికి కరెంట్ వెనకే ఒక వాక్యం జోడించాం: "ఇది ఫ్రెషర్‌గా చేరిన కంపెనీలోనే కొనసాగిన గ్రేడ్ జీతం. ఇప్పుడు మీరు చెబుతున్న రోల్ వేరు, అందుకని దీని మీద శాతం లెక్కన చూడడం లేదు." ఈ వాక్యం లేకుండా కరెంట్ చెప్పొద్దని ఆమెకు గట్టిగా చెప్పాను.

చెప్పకపోయినా తెలిసి ఉండాలి

నంబర్ చెప్పకుండా మాట్లాడాలంటే ముందు ఆ నంబర్ తనకు తెలిసి ఉండాలి. ఇది తెలియనివాళ్లు రిక్రూటర్ బ్యాండ్, అంటే ఆ పోస్టుకు ఇచ్చే జీతం రేంజ్, చెప్పినప్పుడు అది మంచిదో కాదో పోల్చుకోలేరు.

ఆమె గత ఏడాదిలో తనలాంటి కంపెనీ నుంచి జీసీసీకి మారిన ముగ్గురిని పట్టుకుంది. మన దగ్గర జీతం అడిగితే ఎవరూ చెప్పరు, అడగడం మర్యాద కాదు కూడా. అందుకని ప్రశ్న తిప్పాం: "ఆటోమేషన్ లీడ్‌కు ఫిక్స్‌డ్ 15 అంటే తక్కువంటారా?" అని. తన జీతం చెప్పడానికి ఇష్టపడని మనిషి కూడా ఎదుటివాళ్ల అంకెను దిద్దడానికి వెనకాడడు. ఇద్దరు "తక్కువే, 17 నుంచి ఉంటుంది" అన్నారు. మూడో ఆయన "ఫ్రేమ్‌వర్క్ కట్టిన పని చూపించగలిగితే 19 దాకా వెళ్లొచ్చు" అన్నాడు. అక్కడ మూడు గీతలు గీసుకున్నాం. ఫిక్స్‌డ్ 16కు తక్కువైతే వద్దు. 17 నుంచి 20 మధ్య మాట్లాడొచ్చు. 19.5 మనం కోరుకునేది. అంకెలన్నీ ఫిక్స్‌డ్‌లోనే రాసుకున్నాం. 14 లక్షల ఆఫర్ నేర్పిన పాఠం అది.

మాటలు, ఆ తర్వాత మౌనం

చివరికి తయారైన జవాబు ఇది. ఆమె ఇంగ్లిష్‌లో చెప్పేది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఈ రోల్ మీద నాకు నిజంగా ఆసక్తి ఉంది. లెవెల్, ఫిక్స్‌డ్-వేరియబుల్ వాటా తెలియకుండా అంకె చెబితే అది మీకూ నాకూ తప్పుదారి అవుతుంది. ఈ పోస్టుకు అప్రూవ్ అయిన బడ్జెట్ ఎంత దాకా ఉందో చెబుతారా? నాకు సరిపోకపోతే ఇప్పుడే చెప్పేస్తాను, మీ టైమ్ వృథా కాకూడదు."

దీనిలో బరువంతా చివరి వాక్యానిదే. అతనికి కావాల్సిన కబురు ఈ కాల్‌లోనే ఇస్తానన్న హామీ అది. అది తీసేస్తే మిగిలేది నేను ముందు చెప్పిన దాటవేత లాంటిదే.

మళ్లీ అడిగితే ఏం చేయాలన్నది కూడా అనుకున్నాం. రెండోసారి అడిగితే ప్రశ్నను చిన్నది చేసి అడగాలి: "సరే, కనీసం ఏ లెవెల్‌కు హైర్ చేస్తున్నారు? ఇప్పుడు ఆ లెవెల్‌లో ఉన్నవాళ్లకు ఎంత దాకా ఇస్తున్నారు?" మూడోసారి కూడా అంకే కావాలంటే ఇచ్చేయాలి, ఇక మొండికేయకూడదు. కానీ ఒక్క అంకె కాకుండా, ఫిక్స్‌డ్ అన్న మాటతో, "రోల్ పూర్తిగా తెలిశాక మారొచ్చు" అన్న షరతుతో రేంజ్ ఇవ్వాలి. రేంజ్‌లో కింది అంకె కూడా తను సంతోషంగా చేరేదే అయ్యుండాలి. వినేవాళ్లు పట్టుకునేది దాన్నే కాబట్టి.

తర్వాత మూడు సాయంత్రాలు ఫోన్‌లో నేను రిక్రూటర్‌నయ్యాను. మాటలు ఆమెకు మొదటి రోజే వచ్చేశాయి. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. బడ్జెట్ ఎంత అని అడిగాక నేను కావాలనే మాట్లాడకుండా ఉండేదాన్ని. నాలుగైదు సెకన్లు గడిచేసరికి ఆమె ఆగలేక "అంటే... 16 అయినా ఓకే" అనేసేది. మొదటి సాయంత్రం ఆరుసార్లు చేస్తే నాలుగుసార్లు ఇదే జరిగింది. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే మనం ఏదో తప్పు చేశామనిపిస్తుంది, ఆ ఇబ్బంది పోగొట్టడానికి నోరు తెరుస్తాం. నిజానికి ఆ సమయంలో రిక్రూటర్ తన షీట్‌లో ఆ పోస్టు వరుస వెతుక్కుంటూ ఉంటాడు. ఈ మాట ఆమెకు చెప్పాను. పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టుకుని, ప్రశ్న అడగగానే ఒక గుక్క తాగమన్నాను. నోట్లో నీళ్లుంటే మాట జారదు. మూడో సాయంత్రానికి పది సెకన్లు ఆగగలిగింది.

ఫలించిన కాల్

వారం తర్వాత ఒక జీసీసీ సొంత రిక్రూటర్ నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. ఆమె ముందే నోట్సు పెట్టుకుని ఉంది, కాల్ అయిన వెంటనే నాకు మాట మాట చెప్పింది.

కరెంట్ అడిగారు. ఫిక్స్‌డ్ ఎంతో, మొత్తం ఎంతో రెండూ చెప్పి, గ్రేడ్ వాక్యం జోడించింది. ఎక్స్‌పెక్టెడ్ అడిగారు. తయారుచేసుకున్న జవాబు చెప్పి నీళ్లు తాగింది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత: "సీ, ఇది 20 వరకు ఉంది."

ఇక్కడ చాలామంది సంతోషం పట్టలేక "ఓకే మేడమ్" అనేస్తారు. ఆమె అడగాల్సింది అడిగింది: "అది ఫిక్స్‌డా, వేరియబుల్ కలిపా?" "కలిపి. ఫిక్స్‌డ్ మీద పది శాతం వేరియబుల్." అంటే ఫిక్స్‌డ్ సుమారు 18. తను రాసుకున్న రేంజ్ మధ్యలో ఉంది, కోరుకున్నదానికి కిందే. ఆమె అంది: "ఆ బడ్జెట్‌లో మనం మాట్లాడుకోవచ్చు, ముందుకు వెళ్దాం. కచ్చితమైన అంకె టెక్నికల్ రౌండ్లయ్యాక, పని ఎంతో తెలిశాక చెప్తాను." రిక్రూటర్ "విత్-ఇన్ బడ్జెట్ అని రాస్తున్నా" అంది. ఆ గడిలో పడాల్సిన మాట అదే.

"ఆ బడ్జెట్ నాకు ఓకే" అనకుండా "ఆ బడ్జెట్‌లో మాట్లాడుకోవచ్చు" అనడం కావాలని చేసిందే. మొదటిది ఒప్పుకోవడం అవుతుంది. 18కి ఒప్పుకున్నాక 19.5 అడిగితే మాట తప్పినట్టు ఉంటుంది. రెండోదానిలో తలుపు మూయలేదన్న కబురు మాత్రమే ఉంది.

మూడు రౌండ్లు జరిగాయి. రెండో రౌండ్‌లో ఫ్రేమ్‌వర్క్ గురించి దాదాపు గంట అడిగారు. హెచ్ఆర్ చివరి కాల్‌లో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి దాటవేయలేదు. పోస్టు కింద నలుగురు టెస్టర్లు ఉంటారని, రెండు ప్రాడక్టుల టెస్టింగ్ చూడాలని అప్పటికి తెలిసింది. "ఫిక్స్‌డ్ 19.5" అని ఒక్క అంకె చెప్పి, ఆ రెండు కారణాలు చెప్పి ఆగింది. రెండు రోజుల తర్వాత ఆఫర్: ఫిక్స్‌డ్ 18.6, పది శాతం వేరియబుల్ 1.86, కలిపి 20.46. మొదట చెప్పిన "20 వరకు" కన్నా కొంచెం పైనే. మొదటి కాల్‌లో అన్న "వరకు"లో కాస్త సందు ఉంటుందని, మేనేజర్ కావాలనుకుంటే ఆ సందు తెరుచుకుంటుందని దీనివల్ల చూశాం.

ఇదంతా నాలుగు వాక్యాల మహిమ అని నేను చెప్పను. ఆ గంటలో ఫ్రేమ్‌వర్క్ గురించి ఆమె చెప్పగలిగింది కాబట్టే ఆ అంకె వచ్చింది. మొదటి కాల్‌లో 14 అనకుండా ఉండడం వల్ల జరిగిందల్లా, ఆ పనితనానికి విలువ కట్టే సమయానికి ఆమె మీద పాత అంకె చీటీ అంటించి లేకపోవడం.

మరో కాల్, వేరే ముగింపు

ఆ మధ్యలోనే ఒక కన్సల్టెన్సీ నుంచి కాల్ వచ్చింది. అతను బడ్జెట్ చెప్పలేదు. "క్లయింట్ మాకు చెప్పలేదు మేడమ్" అన్నాడు. అది నిజమే కావచ్చు, కొన్ని కన్సల్టెన్సీలకు నిజంగా చెప్పరు. లెవెల్ కూడా తెలియదన్నాడు. మూడోసారి అడిగినప్పుడు ఆమె అనుకున్నట్టే "ఫిక్స్‌డ్ 17 నుంచి 20 మధ్య, రోల్ తెలిశాక మారొచ్చు" అంది. "అబ్బే, 15 దాటదు మేడమ్" అన్నాడు వెంటనే. చెప్పలేదన్న బడ్జెట్ అప్పుడు బయటికొచ్చింది. థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది, మొత్తం నాలుగు నిమిషాలు. ఇది పోగొట్టుకున్న అవకాశమని ఆమె దిగులు పడింది. నాకు మాత్రం ఇది సరిగ్గా జరిగిన కాల్. 16కు తక్కువైతే వద్దని ముందే గీత గీసుకున్నాం. మూడు రౌండ్లు, రెండు సెలవులు ఖర్చయ్యాక తెలియాల్సింది నాలుగు నిమిషాల్లో తెలిసింది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

"నెగోషియబుల్", "కంపెనీ స్టాండర్డ్స్ ప్రకారం" అన్న మాటలు నేను ఇక ఎవరికీ నేర్పడం లేదు. ఇప్పటికే అలా అనేసి ఉంటే, తర్వాతి రౌండ్‌కు ముందే రిక్రూటర్‌కు చిన్న మెయిల్ పంపమంటాను: "నా పేరు పక్కన ఎక్స్‌పెక్టెడ్ కింద ఏ అంకె ఉందో చెప్పగలరా? నేను ఇంకా అంకె చెప్పలేదు" అని. మేనేజర్ ఆ కాగితం చదివేలోపు దిద్దుకోవడం సులభం, చదివాక కష్టం.

ఎవరు ఫోన్ చేస్తున్నారన్నది మొదటే తెలుసుకోమంటున్నాను. కంపెనీ సొంత రిక్రూటర్‌కు బ్యాండ్ తెలుస్తుంది, బయటి కన్సల్టెన్సీకి తెలియకపోవచ్చు. తెలియని మనిషిని మూడుసార్లు అడిగి విసిగించడం కన్నా రెండోసారికే రేంజ్ ఇచ్చేయడం మంచిది.

ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ప్యాకేజీ ముందే ఖాయం, అక్కడ ఈ మాటలు అనవసరం. ఉద్యోగం పోయి, ఈఎంఐలు మీద పడుతున్న మనిషికి పది సెకన్లు ఆగమని చెప్పేటప్పుడు నేనూ ఆలోచిస్తాను. వాళ్ల విషయంలో కింది గీత ఎక్కడ గీయాలన్నదే ఎక్కువసేపు మాట్లాడుకుంటాం.

నాకు ఇంకా పూర్తిగా తేలనిది ఆన్‌లైన్ ఫారం. అక్కడ అడిగేది మనిషి కాదు, తిరిగి ప్రశ్న వేయడానికి వీలుండదు. గడి తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదలమంటాను. అక్షరాలు రాయనిస్తే "లెవెల్, ఫిక్స్‌డ్ వాటా తెలిశాక" అని రాయమంటాను. అంకె తప్ప ఏదీ తీసుకోని గడిలో కొందరు 0 లేదా 1 వేస్తారు. అది చూసి రిక్రూటర్ ఫోన్ చేసి అడిగిన సందర్భాలూ విన్నాను, ప్రొఫైల్ వెతుకులాటలోనే కనబడకుండా పోయిన సందర్భాలూ విన్నాను. ప్రస్తుతానికి నేను చెబుతున్నది, రేంజ్‌లో పై అంకె వేసి, కింద రిమార్క్స్ గడి ఉంటే అది ఫిక్స్‌డ్ అని, రోల్‌ను బట్టి మారుతుందని రాయమని. ఈమె ఆ జీసీసీ పోర్టల్‌లో వేసింది అదే, 20. రిక్రూటర్ ఫోన్‌లో ఆ అంకె ఎత్తనేలేదు. చూసి ఊరుకుందో, అసలు చూడలేదో మాకు తెలియలేదు.